భాగమతి ఉందా, లేదా? ఒక పేరు చుట్టూ నాలుగు వందల ఏళ్ల తిరగరాత

హైదరాబాద్ ఎలా పుట్టిందని చార్మినార్ దగ్గర ఎవరినడిగినా చెప్పే కథ ఒకటే. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ మూసీ అవతల చిచ్లం అనే పల్లెలో ఉండే నాట్యకత్తె భాగమతిని ప్రేమించాడు. ఆమెను చూడడానికి వరదలో ఉన్న ఏటికి గుర్రాన్ని ఎదురీదించాడు. కొడుకు ఎక్కడ మునిగిపోతాడోనని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. కొడుకు రాజయ్యాక ఆమె పేరు మీద భాగ్‌నగర్ కట్టాడు. తర్వాత ఆమెకు హైదర్ మహల్ అని బిరుదిచ్చాడు, దానితో ఊరు హైదరాబాద్ అయింది.

ఈ కథను గత వందేళ్లలోనే కొందరు చరిత్రకారులు నమ్మారు, కొందరు కొట్టేశారు, ఇంకొందరు మళ్లీ నిలబెట్టారు. ‘చరిత్రను ఇష్టమొచ్చినట్టు మార్చేస్తున్నారు’ అనుకునేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఎవరు ఏ ఆధారంతో మార్చారో విడివిడిగా చూస్తే, ఆ మార్పులన్నీ ఒక్క జాతివి కావని తేలుతుంది.

ముందు తేలిగ్గా పరీక్షించగల ముక్కను పట్టుకుందాం. పురానాపూల్ 1578లో కట్టింది. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పన్నెండు, పదమూడేళ్లు. వంతెన కట్టడానికి పట్టే కాలం కూడా తీసేస్తే, ఏరు ఈదిన ప్రేమికుడి వయసు ఇంకా తగ్గుతుంది. కథలో ఈ భాగం నిలవదు. మరి వంతెన ఎందుకు కట్టారంటే, గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాటకు మూసీ అడ్డం. వజ్రాలు, బట్టలు, గుర్రాలు తిరిగే దారి అది. రాజుగారి ఖజానా నడిచే దారికి వంతెన వేయడానికి వేరే కారణం అక్కర్లేదు. ‘పురానా’ అన్న పేరు కూడా గమనించాలి. పక్కన కొత్త వంతెనలు వచ్చాకే ఇది పాతది అవుతుంది. కట్టిన రోజున దీనికి ఆ పేరు ఉండే అవకాశమే లేదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. వంతెన కథ అబద్ధమైతే భాగమతి కూడా అబద్ధమే అనేస్తారు. నిజానికి ఆ కథలో కనీసం మూడు వేర్వేరు మాటలు ఉన్నాయి. ఊరికి ఒకప్పుడు భాగ్‌నగర్ అన్న పేరు ఉండేదన్నది ఒకటి. ఆ పేరు భాగమతి అనే స్త్రీ నుంచి వచ్చిందన్నది రెండోది. ఏరు, వంతెన, బిరుదు ఉన్న ప్రేమకథ మూడోది. ఒక్కోదానికి ఉన్న ఆధారం ఒక్కో బలంతో ఉంటుంది. మూడోది కూలితే మొదటిదానికి గీత కూడా పడదు.

మొదటి రెండింటికీ ఉన్న పాత రాతలు పారశీకంలో ఉన్నాయి. అక్బర్ కొలువులోని కవి ఫైజీని 1591లో దక్కన్‌కు రాయబారిగా పంపారు. అతను ఖాందేశ్‌లోనూ, అహ్మద్‌నగర్‌లోనూ ఉండి చక్రవర్తికి నివేదికలు పంపాడు. వాటిలో ఒకచోట గోల్కొండ రాజు గురించి రాస్తూ, అతను షియా మతంలో మునిగి ఉన్నాడనీ, భాగ్‌నగర్ అనే ఊరు కట్టాడనీ, చాలాకాలంగా తన దగ్గరున్న భాగమతి అనే ముదురు వేశ్య పేరు దానికి పెట్టాడనీ అంటాడు. అదే కాలంలో, 1593–94 నాటికి, మొఘల్ ఉద్యోగి నిజాముద్దీన్ అహ్మద్ తన ‘తబకాత్-ఎ-అక్బరీ’లో ఇదే మాట రాశాడు. మరో పదిహేనేళ్లలోపే బీజాపూర్‌లో కూర్చుని రాసిన ఫెరిష్తా కూడా రాశాడు. రాజు తర్వాత సిగ్గుపడి పేరును హైదరాబాద్‌గా మార్చాడన్న ముక్కను అతనే జోడించాడు.

ముగ్గురు సాక్షులు, ముగ్గురూ ఆ కాలంవాళ్లే. కోర్టులో అయితే కేసు గెలిచినట్టే. చరిత్రకారుడు మాత్రం ఇంకో మూడు ప్రశ్నలు వేస్తాడు.

సాక్షి అక్కడ ఉన్నాడా? ముగ్గురిలో ఎవరూ గోల్కొండలో ఉండి రాసినవారు కారు. ఫైజీ రాజు పేరునే తప్పుగా, అహ్మద్ కులీ అని రాశాడు. నిజాముద్దీన్ కూడా ఆ పేరును సరిగ్గా పట్టుకోలేకపోయాడు. పక్క రాజ్యంలో బజారులో విన్న కబురు రాస్తే ఇలాంటి తప్పులే దొర్లుతాయి. రాజు పేరే తప్పినవాడు రాజు ప్రియురాలి పేరు సరిగ్గా విన్నాడని ఎలా నమ్మాలన్న అనుమానం సహజం.

సాక్షులు నిజంగా ముగ్గురేనా? ఫెరిష్తా తన పుస్తకానికి వాడుకున్న గ్రంథాల్లో తబకాత్ ఒకటి. నిజాముద్దీన్ పనిచేసింది ఫైజీ నివేదికలు చేరే కొలువులోనే. ఒకడు అన్నదాన్ని ఇంకొకడు, అతన్ని చూసి మరొకడు రాస్తే కాగితాలు మూడు అయినా నోరు ఒకటే. దీన్ని పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. తప్పులు కూడా ఒకేలా ఉన్నాయా అని చూస్తారు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన పిల్లాడు దొరికేది సరైన జవాబుల దగ్గర కాదు, తప్పు జవాబుల దగ్గర. ఇక్కడ తప్పులు ఒకేలా లేవు. కాబట్టి అచ్చంగా నకలు కొట్టారని అనలేం. అలాగని ముగ్గురూ పూర్తిగా వేరు అనీ అనలేం.

సాక్షికి ఏం లాభం? మొఘలులు అప్పటికే దక్కన్ మీద కన్నేశారు. షియా రాజు ఒక వేశ్య పేరు మీద రాజధాని కట్టాడన్న వార్త అక్బర్ కొలువుకు చెవికింపుగా ఉంటుంది. అందుకే ఫైజీ వాక్యంలో తిట్టును ఒక పక్కకు, సమాచారాన్ని ఇంకో పక్కకు పెట్టాలి. తిట్టు తీసేశాక కూడా ఒక చిన్న సంగతి మిగులుతుంది. 1591–94 మధ్యలోనే, అంటే ఊరు ఇంకా కడుతూ ఉండగానే, దాన్ని భాగ్‌నగర్ అంటున్నారని పక్క రాజ్యం దాకా తెలుసు. ఆ పేరును ఫైజీ కల్పించి ఉండడు. ఎక్కడుందో తెలియని ఊరి గురించి చక్రవర్తికి రాసి ప్రయోజనం లేదు.

ఆ కట్టిన ఏడాది గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌కు 1591 అని మనం బల్లగుద్ది చెబుతాం. పాత లెక్కలో అది హిజ్రీ 1000. చార్మినార్‌కు చెప్పే కాలసూచక పదం ‘యా హాఫిజ్’. అరబ్బీ అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ లెక్కలో యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కూడితే సరిగ్గా 1000. అయితే హిజ్రీ 1000 మొదలైంది 1591 అక్టోబర్‌లో. ముగిసింది 1592 అక్టోబర్‌లో. ఆ సంవత్సరంలో రెండున్నర నెలలే 1591 కిందికి వస్తాయి, మిగతాదంతా 1592. పాఠ్యపుస్తకంలోని తేదీ ఒక అంచనా మాత్రమేనని చాలామందికి తెలియదు. పైగా ఇలాంటి పదాలను ఆ రోజే కట్టవచ్చు, యాభై ఏళ్ల తర్వాతా కట్టవచ్చు. ‘ఓ రక్షకుడా’ అన్న అర్థం ఉండడం వల్లే మహమ్మారి తగ్గినందుకు చార్మినార్ కట్టారన్న కథ ఈ పదానికి బాగా అతుక్కుంది.

ఇక రెండోవైపు సాక్ష్యం మౌనం. మహమ్మద్ కులీ 1612లో పోయాడు. అతని తర్వాత గద్దెనెక్కిన సుల్తాన్ మహమ్మద్ కాలంలో, 1617 ప్రాంతంలో, గోల్కొండ కొలువులోనే కుతుబ్ షాహీల చరిత్ర రాశారు. కొత్త నగరం వర్ణన ఉన్న అందులో భాగమతి ఊసు లేదు. కుతుబ్ షాహీ నాణేల మీద టంకశాల పేరుగా హైదరాబాద్ కనిపిస్తుంది గానీ భాగ్‌నగర్ కనిపించదు. గోల్కొండ సమాధుల్లో ఆమె సమాధి లేదు. అబ్దుల్లా కుతుబ్ షా కాలపు నర్తకి ప్రేమామతికి మాత్రం అక్కడ శాసనంతో సహా సమాధి ఉంది. నర్తకులను రాజుల పక్కన పెట్టడం ఆ వంశానికి తప్పుగా తోచలేదన్నమాట. మరి ఊరికే పేరైన స్త్రీకి ఎందుకు లేదు?

ఉస్మానియాలో చరిత్ర ఆచార్యుడిగా పనిచేసిన హరూన్ ఖాన్ షేర్వాణీ ప్రధానంగా ఈ మౌనం మీదే నిలబడి భాగమతి కట్టుకథ అని తేల్చాడు. 1967లో ఆయన మహమ్మద్ కులీ మీద పుస్తకం తెచ్చేనాటికి ప్రేమకథ ఊరంతా పాకి ఉంది. ఆయన పని చేసిన తీరు గట్టిది. ఏ మాట ఏ కాలపు పుస్తకంలో మొదట కనిపిస్తుందో వరసపెట్టి చూశాడు. కథ కాలంతో పాటు లావెక్కుతూ రావడం ఆ వరసలో తేటగా కనిపిస్తుంది. ఆయన ఇచ్చిన బదులు వివరణ మాత్రం అంత గట్టిది కాదు. ఊరి నిండా తోటలు, కాబట్టి అసలు పేరు బాగ్‌నగర్, తోటల ఊరు అన్నాడు.

ఈ వాదన ఎక్కడ జారుతుందో చూడాలంటే అక్షరాల దగ్గరికి వెళ్లాలి. పారశీక లిపిలో తోట అనే ‘బాగ్’ చివర గైన్ (غ) ఉంటుంది: باغ. భాగమతిలోని ‘భాగ్’లో బేకు హే కలిసి, చివర గాఫ్ (گ) వస్తుంది: بھاگ. చేతిరాతలో గాఫ్ మీది గీతను లేఖకులు తరచూ వదిలేస్తారు, హేను కూడా ఒక పద్ధతిలో రాయరు. అయినా గైన్‌నూ గాఫ్‌నూ ఒకటనుకోవడం కష్టం, రెండింటి ఆకారమే వేరు. భాగమతి నుంచి ఊరి పేరు వచ్చిందని చెబుతున్న ఫైజీ, ఫెరిష్తాల వాక్యాల్లో తోటకు చోటు లేదు.

తోట వాదానికి దన్నుగా చూపేది ఐరోపా యాత్రికులను. 1660లలో వచ్చిన తెవెనో రాజధాని పేరు బాగ్‌నగర్ అనీ, పారశీకులు దాన్ని హైదరాబాద్ అంటారనీ రాశాడు. రోమన్ లిపిలో రాసిన Bagnagar అన్న అక్షరాల్లో భ-కీ బ-కీ తేడా లేదు, గ-కీ గైన్‌కీ తేడా లేదు. ఫ్రెంచివాడి చెవికి ఆ ధ్వనులు రెండూ పరాయివే. కాబట్టి ఆ స్పెల్లింగు అటూ సాక్ష్యం కాదు, ఇటూ సాక్ష్యం కాదు. వజ్రాల వ్యాపారి తవెర్నియే అయితే ఇంకో అడుగు వేశాడు. రాజుగారికి ఎంతో ఇష్టమైన ఒక భార్య కోరిక మీద ఊరు కట్టారనీ, ఆమె పేరు ‘నగర్’ అనీ రాసేశాడు. నగర్ అంటే ఊరు అని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు! కానీ ఆ పొరపాటులోనే పనికొచ్చే ముక్క ఉంది. పేరు వెనక ఒక స్త్రీ ఉందని అరవై, డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఆ మాట అతను ఫెరిష్తాను చదివి తెచ్చుకున్నది అయి ఉండదు. అలా అయితే ఆమె పేరు నగర్ అయ్యేది కాదు.

మౌనం సంగతికొస్తే, అది బరువైన సాక్ష్యం అయ్యేది ఒకే ఒక్క పరిస్థితిలో: ఆ విషయం నిజమైతే ఆ రచయిత తప్పకుండా రాసి ఉండేవాడని మనం చూపగలిగినప్పుడు. 1617 చరిత్రకారుడు రాసింది ఎవరి నీడలో? సుల్తాన్ మహమ్మద్ పాత రాజుకు అన్న కొడుకో తమ్ముడి కొడుకో మాత్రమే కాదు, అల్లుడు కూడా. కూతురు హయాత్ బక్షీ బేగం అతని రాణి. భాగమతి ఆమె తల్లి అని జనం చెప్పుకునే మాటకు ఆధారం లేదు. అయినా అలాంటి పుకారు పొరుగు రాజ్యాల్లో తిరుగుతుంటే, కొలువు రచయిత దాని జోలికి పోకపోవడంలో వింతేమీ లేదు. నాణెం మౌనం ఇంతకంటే బలమైనది. నాణెం మీద ఉండేది ప్రభుత్వం ఒప్పుకున్న పేరు. అందుకే నాణేలు చెప్పేది ఇంతవరకే: భాగ్‌నగర్ అధికారిక పేరుగా నిలవలేదు. జనం నోట ఆ పేరు లేదని అవి చెప్పలేవు. మన ఊళ్లలో పంచాయతీ బోర్డు మీద ఒక పేరు, బస్సు కండక్టర్ అరిచేది ఇంకో పేరు ఉండడం లేదా?

షేర్వాణీ తర్వాత నరేంద్ర లూథర్ లాంటివారు ఫైజీ, నిజాముద్దీన్, ఫెరిష్తాల సాక్ష్యాన్ని మళ్లీ ముందుకు తెచ్చి భాగమతి ఉందని వాదించారు. కొత్త తాళపత్రమేదీ బయటపడలేదు. పాత కాగితాల్లో దేనికి ఎంత తూకం వేయాలన్న దగ్గరే లెక్క మారింది. చరిత్ర తిరగరాతల్లో చాలా భాగం ఇలాంటిదే.

ఇంకో రకం తిరగరాత ప్రశ్న మారినప్పుడు వస్తుంది. ‘ఊరికి పేరెవరిది’ అని అడిగినంతకాలం ఫైజీ వాక్యమే ముఖ్యం. ‘కొండమీద కోట ఉండగా ఏటి అవతల ఊరు ఎందుకు కట్టారు’ అని అడిగేసరికి ఆ వాక్యం మూలకు పోతుంది. కోటలో జనం కిక్కిరిసిపోవడం, నీళ్ల చాలీచాలనితనం, మచిలీపట్నం బాట, పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ నగర ప్రణాళిక, నాలుగు దారుల కూడలిలో చార్మినార్ ముందుకొస్తాయి. మహమ్మద్ కులీ దక్కనీ కవిత్వం కూడా అంతే. నదిలో చేపలు నిండినట్టు నా ఊరిని జనంతో నింపు అని దేవుణ్ణి వేడుకున్న పంక్తిని ప్రేమకథ వెతికేవారు దాటేస్తారు, నగర చరిత్ర రాసేవారు పట్టుకుంటారు. 1940లో ఆ కవిత్వాన్ని సంకలనం చేసి అచ్చువేసిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ దానిలో ప్రియురాళ్ల పేర్ల మధ్య భాగమతిని వెతికాడు. ఆ పేరు దొరకలేదు. హైదర్ మహల్ అన్న పేరు దొరికితే, భాగమతే ఆమె అన్నాడు. జోర్ కట్టిన ఈ ముడి ఊహే. చార్మినార్ దగ్గర ఇవాళ వినిపించే కథలో మాత్రం అది నిర్ధారిత సత్యంగా కూర్చుంది.

విలువలు మారితే ఏమవుతుందో చూడాలంటే ఆమెకు పెట్టిన పేర్లు వరసగా చదివితే చాలు. ఫైజీకి ఆమె ముదురు వేశ్య. తవెర్నియేకు ప్రియమైన భార్య. ఇరవయ్యో శతాబ్దంలో, హిందూ ముస్లింలు కలిసి బతికిన ఊరని గర్వంగా చెప్పుకోవాల్సిన అవసరం వచ్చాక, ఆమె హిందూ ప్రియురాలు, ఆపైన రాణి. ఆధారం అంగుళం కదలలేదు, హోదా మాత్రం మెట్టు మెట్టుగా పెరిగింది. ఇటీవల రాజకీయ వేదికల మీద వినిపించే ‘భాగ్యనగరం’లో ఆమె మళ్లీ మాయమై, ఆ చోటికి భాగ్యలక్ష్మి వచ్చింది. తోట వాదంలోనూ ఆమె మాయమే. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలో ఏకమయ్యాయి: ఊరికి ఆడమనిషి పేరు ఉండకూడదు.

భాష చూస్తే ఈ గొడవలో కొంత అక్కర్లేనిదని తెలుస్తుంది. దక్కనీ ‘భాగ్’ మన ‘భాగ్యం’ అరిగిన రూపమే. భాగ్‌నగర్‌ను తెలుగువాడు భాగ్యనగరం అంటే అది అనువాదం, కొత్త పేరు కాదు. భాగమతి అంటే కూడా అదృష్టవంతురాలే. అసఫ్‌జాహీల నాణేల మీద హైదరాబాద్‌కు ముందుండే ‘ఫర్ఖుందా బునియాద్’కు అర్థం శుభమైన పునాది. భాగ్యం అన్న మాట ఉన్నంత మాత్రాన ఆ పేరు దేవత నుంచి వచ్చిందని తేలదు. స్త్రీ నుంచి వచ్చిందనీ తేలదు.

ప్రస్తుతం ఉన్న ఆధారాలతో చెప్పగలిగింది ఇది. 1590ల మొదట్లోనే భాగ్‌నగర్ అన్న పేరు వాడుకలో ఉందన్నది గట్టి మాట. ఆ పేరు ఒక స్త్రీ వల్ల వచ్చిందని అప్పుడే అనుకునేవారన్నదీ గట్టి మాటే. ఆ అనుకోవడం నిజమేనన్నది సాధ్యం, రుజువు కాదు. ఏరు, వంతెన, బిరుదు తర్వాతివారి అల్లిక.

ఈ తూకాన్ని తలకిందులు చేయగల వస్తువులు ఏవో కూడా ముందే చెప్పవచ్చు. మహమ్మద్ కులీ ముద్రతో, 1590ల తేదీతో, గైన్‌తోనో గాఫ్‌తోనో స్పష్టంగా ఊరి పేరు ఉన్న ఒక్క ఫర్మానా చాలు. గైన్ ఉంటే షేర్వాణీ తోటలు మళ్లీ పచ్చబడతాయి. భాగమతి పేరుతో ఇనాం భూమి పత్రం ఒకటి దొరికితే ఫైజీ తిట్టులో నిజం ఎంతో తేలుతుంది. ఊరు కట్టకముందు తేదీతో హైదర్ మహల్ అన్న పేరు ఎక్కడైనా కనిపిస్తే, జోర్ వేసిన ముడి ఆ క్షణమే ఊడిపోతుంది.